చిత్తు కాగితం నుంచి మెనూ కార్డు దాకా: 83 లైన్లు, 80 వంటకాలు, 98 ధరలు

కాకినాడలో 60 సీట్ల ఫ్యామిలీ రెస్టారెంట్. కొత్త మెనూ కార్డు కోసం యజమాని ఇచ్చింది ఆర్డర్లు రాసుకునే ప్యాడ్ కాగితాలు నాలుగు. రెండు వైపులా బాల్‌పెన్నుతో 83 లైన్లు. కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లిషులో, చాలావరకు పొట్టి రాతల్లో ఉన్నాయి: "చి.బి 180/280/650", "మ.బి 250/380/850", "బి.రైస్ 120", "గోబీ 65 / ″ మంచూ". ధరలు కొన్నిచోట్ల కొట్టేసి పైన రాసినవి, ఒకచోట రెండుసార్లు కొట్టేసినవి. శాకాహారం, మాంసాహారం అన్న విభజన కాగితం మీద లేదు. "వెజ్‌కి పచ్చ చుక్క పెట్టేయండి" అన్నది నోటిమాట.

ఇలాంటి పనిలో మొదట చేసే తప్పు కాగితం పక్కన పెట్టుకుని నేరుగా డిజైన్ ఫైల్లో టైపు చేయడం. అలా చేస్తే ప్రతి సందేహమూ పేజీ మీదే తేల్చుకోవాలి, ప్రతి దిద్దుబాటుకూ పేజీ కదులుతుంది. ఇక్కడ ముందు స్ప్రెడ్‌షీట్ తయారైంది. ఒక వరుసకు ఒక వంటకం కాదు, ఒక ధర. సింగిల్, ఫుల్, ఫ్యామిలీ ఉన్న బిర్యానీకి మూడు వరుసలు పడతాయి. ఇలా ఎందుకంటే, చివర్లో ధరలు సరిచూడాల్సింది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో. అందులోనూ ఒక సైజు ఒక ఐటెంగానే ఉంటుంది. రెండూ ఒకే లెక్కలో ఉంటే పోల్చడం తేలిక.

```
విభాగం,పేరు,సైజు,ధర,గుర్తు,ఉన్నవి,సందేహం
బిర్యానీలు,చికెన్ దమ్ బిర్యానీ,సింగిల్,180,N,,
బిర్యానీలు,చికెన్ దమ్ బిర్యానీ,ఫుల్,280,N,,
వెజ్ కూరలు,గుత్తివంకాయ,,190,V,వేరుశెనగ,
స్టార్టర్లు,గోబీ మంచూరియా,,170,?,,పిండిలో గుడ్డు?
```

చివరి గడి, అంటే "సందేహం", అన్నిటికన్నా ముఖ్యమైనది. అది ఖాళీ అయ్యేదాకా ఆ వరుస పేజీ ఎక్కదు.

83 లైన్లు 80 ఎలా అయ్యాయి

అయిదు లైన్లు ఒకే వంటకాన్ని రెండుసార్లు చెప్పినవి, అవి పోయాయి. నాలుగు సీజన్‌లో మాత్రమే దొరికేవి, వాటిని విడిగా తీశాం. మూడు లైన్లు ఒక్కొక్కటీ మూడేసి వంటకాలను మోస్తున్నాయి: "నాన్ ప్లె/బట/గార్లిక్", నూడుల్స్‌లో వెజ్, ఎగ్, చికెన్, ఫ్రైడ్ రైస్‌లో మళ్లీ అవే మూడు. విడదీస్తే ఆరు కలిశాయి. అలా 80 వంటకాలు తేలాయి. తొమ్మిది బిర్యానీలకు మూడేసి సైజులు కాబట్టి ధరలు 98.

ఒకే వంటకం రెండుసార్లు రాశారా, లేక రెండు వేర్వేరు వంటకాలా అన్నది కాగితం చూసి తేల్చకూడదు. ఈ జాబితాలో "రొయ్యల వేపుడు", "రొయ్యల ఫ్రై" రెండూ ఉన్నాయి. ధరల్లో ముప్పై రూపాయలు తేడా. ధర మార్చినప్పుడు పాత లైను కొట్టేయడం మరిచిపోయారనిపిస్తుంది. అడిగితే యజమాని వెంటనే, "అదీ ఇదీ ఒకటి కాదండీ" అన్నారు. వేపుడు ఉల్లిపాయ, కరివేపాకుతో పెనంలో దగ్గరగా వేయించి అన్నంలోకి ఇచ్చేది. ఫ్రై పిండిలో ముంచి నూనెలో దేవి ముందుగా తినేది. ఒకటి కూరల్లోకి వెళ్లింది, రెండోది స్టార్టర్లలోకి. ఊరికే కలిపేసి ఉంటే అన్నంలోకి వేపుడు అడిగిన మనిషి ముందు పకోడీల్లాంటి రొయ్యలు వచ్చేవి.

ఇంకో ఉచ్చు "″" గుర్తు. పై లైనులోని మాటే మళ్లీ అని దాని అర్థం. కానీ పై లైను రెండు మాటలదైతే ఏ మాట? "చికెన్ మంచూరియా" కింద "″ 65" ఉంటే చికెన్ 65. దాని కింద "గోబీ ″" అని ఉంటే అది గోబీ 65 కావచ్చు, రెండు లైన్ల పైనున్న మంచూరియా కావచ్చు. ఈ గుర్తున్న పదకొండు లైన్లనూ పూర్తి పేర్లతో రాసి యజమానికి ఒక్కొక్కటిగా చదివి వినిపించాం. రాసి పంపితే సరే అనేస్తారు. వినిపిస్తే ఆగి సరిచేస్తారు.

పేర్ల స్పెల్లింగు కూడా షీటులోనే కుదిరిపోవాలి. బిరియాని, బిర్యాని, బిర్యానీ అని ఒకే కాగితంలో మూడు రకాలుగా ఉంది. ఒక రూపం ఎంచుకుని చిన్న పదాల పట్టీ పెట్టుకుని అన్నిచోట్లా అదే వాడాం. "నాన్‌వెజ్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (U+200C) అనే కనిపించని అక్షరం పడాలి. లేకపోతే "నాన్వెజ్" అయిపోతుంది, "సూప్‌లు" కాస్తా "సూప్లు" అవుతుంది. ఒక ప్రోగ్రామ్ నుంచి మరొక దానిలోకి కాపీ చేసినప్పుడు ఈ అక్షరం రాలిపోతూ ఉంటుంది. అందుకే పేజీలోకి తెచ్చాక ఈ మాటలను మళ్లీ ఒకసారి వెతికి చూడాలి.

గుర్తులు తేలేది వంటగదిలో

అసలు కష్టమంతా ఇక్కడ ఉంది, అందుకే ఈ పనిలో ఎక్కువ సమయం దీనికే పట్టింది.

ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్, డిస్‌ప్లే నిబంధనల ప్రకారం శాకాహారానికి ఆకుపచ్చ చదరపు గీతలో నిండు ఆకుపచ్చ వృత్తం, మాంసాహారానికి గోధుమరంగు చదరపు గీతలో నిండు గోధుమరంగు త్రిభుజం. అంతకు ముందు మాంసాహారానికి కూడా వృత్తమే ఉండేది. పాత క్లిప్ ఆర్ట్ ఫైళ్లలో ఇంకా అదే తిరుగుతోంది, దాన్ని వాడకూడదు. మెనూ మీద ఈ గుర్తులు, అలర్జీ కారకాలు, కెలోరీలు తప్పనిసరిగా వేయాల్సింది సెంట్రల్ లైసెన్సు ఉన్నవాళ్లు, పది లేక అంతకన్నా ఎక్కువచోట్ల శాఖలున్నవాళ్లు. ఒకే శాఖ ఉన్న ఈ హోటల్‌కి ఆ నియమం వర్తించదు. అయినా ప్యాకెట్ల మీద రోజూ చూసే గుర్తులు కాబట్టి జనం వాటిని నమ్ముతారు. నమ్మే గుర్తు వేసినప్పుడు అది నిజం కావాలి.

గుడ్డు సంగతి వేరుగా చెప్పాలి. నిబంధనల్లో గుడ్డు మాంసాహారమే. పాలు, పాల పదార్థాలు, తేనె మాత్రం అందులోకి రావు. అయితే మన ఇళ్లలో గుడ్డు తిని మాంసం ముట్టనివాళ్లు చాలామంది. వాళ్లకు త్రిభుజం ఒక్కటే కనిపిస్తే ఎగ్ ఫ్రైడ్ రైస్‌కీ మటన్ కూరకీ తేడా లేనట్టవుతుంది. పసుపు చుక్కలాంటి సొంత గుర్తు కనిపెట్టడం మాత్రం మంచిది కాదు, దాని అర్థం ఎవరికీ తెలియదు. ఇక్కడ త్రిభుజం అలాగే ఉంచి పేరు పక్కన చిన్న అక్షరాల్లో "గుడ్డు" అని రాశాం.

పేరు చూసి గుర్తు వేస్తే తప్పుతుంది. యజమానిని అడిగినా తప్పుతుంది, ఎందుకంటే ఆయన కౌంటర్లో ఉంటారు. అడగాల్సింది వంటమాస్టర్‌ని, అదీ మధ్యాహ్నం రద్దీ తగ్గాక. శాకాహారం అనుకున్న ప్రతి వంటకానికీ నాలుగు ప్రశ్నలు: ఏ నీళ్లతో, అంటే ఏ స్టాకుతో చేస్తారు? పిండి పట్టడానికి ఏం కలుపుతారు? గ్రేవీ దేనితో? ఏ నూనెలో దేవుతారు?

ఈ నాలుగు ప్రశ్నలకు బయటపడినవి ఇవి. "బి.రైస్" అంటే మరో గిన్నెలో వండిన అన్నం కాదు, చికెన్ బిర్యానీ దేగ్చాలోంచి ముక్కలు లేకుండా తీసిన అన్నం. అందరూ కుష్కా అనేది అదే. ముక్క లేదు కాబట్టి యజమాని లెక్కలో అది వెజ్. రెండు సూప్‌లకు, వెజ్ హాట్ అండ్ సోర్‌కీ వెజ్ మంచావ్‌కీ, పొయ్యి మీద ఉన్నది ఒకే స్టాకు గిన్నె, అందులో కోడి ఎముకలు. గోబీ మంచూరియాకీ బేబీ కార్న్ 65కీ చికెన్ 65 కోసం కలిపిన పిండే వాడుతున్నారు, అందులో గుడ్డుంది. నాన్ పిండిలో గుడ్డు ఉంటుందేమోనని అనుమానించాం, ఇక్కడ పెరుగు మాత్రమే. నూడుల్స్ ప్యాకెట్ తిప్పి చూస్తే ఆకుపచ్చ వృత్తమే ఉంది. అంటే పచ్చ చుక్క పడబోయినవాటిలో అయిదు వంటకాలు శాకాహారం కావు.

ఇలా దొరికిన ప్రతిదానికీ రెండే దారులు: గుర్తు మార్చడం, లేదా వంట మార్చడం. ఏది అన్నది యజమాని తేల్చాలి, డిజైన్ చేసేవాళ్లు కాదు. కుష్కాకు గుర్తు మారింది. పేరు "చికెన్ బిర్యానీ రైస్" అయింది, త్రిభుజం పడింది. సూప్‌లకు వంట మారింది. క్యారెట్, క్యాబేజీ తొడిమలు, ఉల్లికాడలతో వేరే స్టాకు పెట్టారు. స్టార్టర్లకు గుడ్డు లేని మొక్కజొన్న పిండి, మైదా కలుపుతో వేరే గిన్నె పెట్టారు. ఈ మార్పులు వంటగదిలో వారం రోజులు నిలిచాకే గుర్తు ఖరారు చేశాం. మాస్టర్ మారినా, రద్దీ పెరిగినా పాత అలవాటు తిరిగొచ్చే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ మొదటి రోజుల్లోనే.

నూనె దగ్గర మాత్రం పూర్తి పరిష్కారం దొరకలేదు. రెండో బాణలి పెట్టడానికి పొయ్యి లేదు. కాబట్టి వెజ్ స్టార్టర్ల శీర్షిక కిందే, అందరికీ కనిపించేలా, "వెజ్, నాన్‌వెజ్ వేపుళ్లకు ఒకే నూనె వాడతాం" అని అచ్చయింది. యజమానికి ఇది నచ్చలేదు. కానీ ఆ వాక్యం తీసేయాలంటే పచ్చ గుర్తు కూడా తీసేయాలని చెప్పాక ఒప్పుకున్నారు.

"గ్లూటెన్ ఫ్రీ" గుర్తు కావాలని కూడా అడిగారు. అది వేయలేదు. సాంబారులో, చారులో వేసే ఇంగువ పొడిలో సాధారణంగా గోధుమ పిండో మైదానో కలిసి ఉంటుంది. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. పైగా అంతా ఒకే వంటగది. ఫలానాది లేదు అని హామీ ఇవ్వడం కన్నా ఫలానాది ఉంది అని చెప్పడం ఈ స్థాయి వంటగదికి సాధ్యమైన పని. అందుకే "ఉన్నవి" గడిలోంచి జీడిపప్పు, వేరుశెనగ మాత్రమే పేరు కింద చిన్న మాటగా తెచ్చాం. గుత్తివంకాయలో వేరుశెనగ ఉంటుందని మనవాళ్లకు తెలుసు, కానీ పనీర్ గ్రేవీలో జీడిపప్పు ముద్ద ఉందని చూసి చెప్పలేరు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా చేయగలిగేవి నాలుగే తేలాయి. వాటికి గుర్తు పెట్టకుండా వెజ్ కూరల చివర ఒక వాక్యంలో పేర్లు రాశాం. కారానికి మిరపకాయ బొమ్మలు కూడా మానేశాం. గోదావరి పులుసుల పేజీలో సగానికి పైగా వాటికి బొమ్మ పడితే ఆ బొమ్మకు అర్థం ఉండదు.

విభాగాలు, ధరలు

వంటగది లెక్కలో విభాగాలు తందూర్, చైనీస్, కూరల పొయ్యి, బిర్యానీ. తినేవాళ్ల లెక్క అలా ఉండదు: ముందు ఏం తెప్పించుకుందాం, తర్వాత అన్నమా రొట్టా, అందులోకి ఏమిటి. కాగితం వంటగది వరుసలో ఉంది, మెనూ తినే వరుసలోకి మారింది. ఒకచోట మాత్రం ఈ వరుసను కావాలనే తప్పించాం. బొమ్మిడాయిల పులుసు, పీతల ఇగురు, నాటుకోడి పులుసు లాంటి పది వంటకాలు యజమాని కాగితాల్లో అయిదారు చోట్ల చెల్లాచెదురుగా ఉన్నాయి. పొరుగూరి నుంచి వచ్చేవాళ్లు ఈ హోటల్‌కి వచ్చేదే వాటికోసం. వాటిని ఒక్క విభాగంగా చేర్చి మొదటి పేజీలో పేరు కిందే పెట్టాం.

ధరల్లో మొదటి ప్రశ్న: జీఎస్టీ కలిపా, విడిగానా? ఈ హోటల్ 5 శాతం పన్ను వసూలు చేసే మామూలు పద్ధతిలో ఉంది. పన్ను కలిపి 280 అని వేస్తే అసలు ధర 266.67 అవుతుంది, బిల్లు నిండా పైసలే. కాబట్టి పన్ను కలపని రౌండ్ ధరలు వేసి, ప్రతి పేజీ అడుగునా "ధరలకు 5% జీఎస్టీ అదనం" అని రాశాం. చివరి పేజీలో ఒక్కచోటే రాస్తే బిల్లు వచ్చాక గొడవ. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న హోటల్‌కైతే ఈ వాక్యమే వేయకూడదు, వాళ్లు కస్టమర్ దగ్గర పన్ను విడిగా తీసుకోకూడదు. అందుకే ఈ ప్రశ్న ముందే అడగాలి.

సీజన్ వంటకాలు నాలుగింటికి యజమాని "రేటు అడగాలి" అని రాశారు. గోదావరికి వరదనీరు వచ్చే రోజుల్లో దొరికే పులసకు అచ్చులో ధర నిలవదు, నిజమే. కానీ ధర లేని వంటకం మెనూలో ఉంటే అది బిల్లు దగ్గర తగువు తెస్తుంది. వాటికి చిన్న విడి చీటీ చేసి, ధర చోటు ఖాళీగా ఉంచి, ఏ రోజు ధర ఆ రోజు పెన్నుతో రాసేలా పెట్టాం. దొరకని రోజు చీటీ బల్ల మీదికి రాదు.

షీటు పూర్తయ్యాక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఐటెంల జాబితా తీసి పక్కన పెట్టి చూస్తే ఏడు ధరలు కలవలేదు. కాగితం కొత్తది, మిషనులోది పాతది. ఆ ఏడింటినీ కొత్త కార్డులు బల్లల మీద పెట్టే రోజు ఉదయమే మిషనులో మార్చాలని తేదీతో సహా రాసి ఇచ్చాం. ముందే మార్చినా, తర్వాత మార్చినా మధ్యలో వచ్చిన ప్రతి బిల్లూ తప్పే.

పేజీ

ఏ3 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు ఏ4 పేజీలు. తెలుగు పేరు 12 పాయింట్లు, కింద ఇంగ్లిష్ పేరు 9 పాయింట్లు. తెలుగు లైనుకు 17 పాయింట్ల ఎడం ఇచ్చాం. ఇంగ్లిష్‌కి సరిపోయే 14 తెలుగుకు చాలదు, "గుత్తి"లో త వత్తు, "రొయ్యల"లో య వత్తు కింది లైను నెత్తికి తగులుతాయి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో `Adobe World-Ready Paragraph Composer` ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. తెలుగుకు ఇటాలిక్ వాడకూడదు. తెలుగు ఫాంట్లలో దాదాపుగా ఇటాలిక్ ఉండదు, ప్రోగ్రామ్ అక్షరాన్ని ఊరికే పక్కకు వంచుతుంది. చిన్న మాటలకు సైజు తగ్గించి బూడిద రంగు ఇస్తే చాలు.

రెండు కాలమ్‌ల పేజీలో ఒక్కో కాలమ్ 89 మిల్లీమీటర్లు. మామూలు వంటకాలకు అది చాలు. బిర్యానీలకు మూడు ధరల గడులు 13 మిల్లీమీటర్ల చొప్పున 39 పోయి, గుర్తుకు 6 పోతే, పేరుకు మిగిలేది 44. "ఉలవచారు చికెన్ బిర్యానీ" అందులో పట్టక రెండో లైనులోకి జారింది, ధరలు ఏ లైనువో తెలియకుండా పోయింది. అక్షరాలు నొక్కి ఇరికించడం కన్నా బిర్యానీ విభాగాన్ని పేజీ వెడల్పంతా పరిచాం. సింగిల్, ఫుల్, ఫ్యామిలీ అన్న శీర్షికలు గడుల పైన ఒక్కసారే పడ్డాయి. ఫ్యామిలీ అంటే ఎంతమందికి అన్నది కూడా అక్కడే పడింది. వెయిటర్లను ఎక్కువగా అడిగే ప్రశ్న అదే.

పేరుకూ ధరకూ మధ్య చుక్కల వరుస వాడలేదు. ధర కుడి అంచుకు ట్యాబ్‌తో సర్దాం. స్పేస్‌బార్ నొక్కి సర్దితే ఒక పేరు మారగానే ధర కదులుతుంది. ₹ గుర్తు 98 సార్లు వేయకుండా విభాగం శీర్షికలో ఒక్కసారే వేశాం. ఇది 2010లో వచ్చిన గుర్తు, అంతకు ముందటి ఫాంట్లలో ఉండదు, దాని చోట ఖాళీ డబ్బా వస్తుంది.

గుర్తులు 3 మిల్లీమీటర్ల వెక్టార్ బొమ్మలు, ప్రతి పేరుకీ ఎడమవైపు ఒకే నిలువు వరుసలో. ఎమోజీ చుక్కలు పెడితే ఒక్కో మిషనులో ఒక్కో రంగు, ఒక్కో సైజు. యజమాని ముదురు మెరూన్ నేపథ్యం కోరారు. నమూనా తీసి చూస్తే దాని మీద గోధుమరంగు త్రిభుజం కనిపించనే లేదు. మెరూన్ శీర్షిక పట్టీలకే పరిమితమైంది, వంటకాల వెనక లేత రంగు వచ్చింది. ఆ పేజీనే బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ తీసి చూడటం మంచి పరీక్ష. రంగు పోయినా వృత్తమేదో త్రిభుజమేదో తెలిస్తే, ఆకుపచ్చ, గోధుమ రంగుల తేడా కనిపించనివాళ్లకూ తెలుస్తుంది.

అచ్చుకు ముందు

ప్రూఫ్ ఒక్కరే చదివితే కళ్లు తెలిసిన పేరునే చూస్తాయి. ఇక్కడ కౌంటర్ మనిషి ఆ ఏడు కొత్త ధరలూ దిద్దుకున్న బిల్లింగ్ జాబితా నుంచి పేరు, ధర పైకి చదివారు, రెండో మనిషి ప్రూఫ్ మీద టిక్ పెట్టారు. 98 టిక్‌లు రావాలి, 97 వచ్చాయి. గార్లిక్ నాన్ పేజీలో లేదు, విడదీసినప్పుడు షీటులో చేరి, కాపీ చేసేటప్పుడు జారిపోయింది. తర్వాత వంటమాస్టర్ గుర్తులు మాత్రమే చూశారు, పేర్లూ ధరలూ ఆయన పని కాదు. చివరగా సాయంత్రం ఏడు తర్వాత, హోటల్లో ఉండే మామూలు వెలుతురులోనే, మూల బల్ల దగ్గర కూర్చుని చదివి చూశాం. ఇంగ్లిష్ పేర్ల బూడిద రంగు అక్కడ మసకగా కనిపించింది, ఒక మెట్టు ముదురు చేశాం.

ప్రెస్సుకు వెళ్లే పీడీఎఫ్‌లో అక్షరాలను ఔట్‌లైన్లుగా మార్చాలి. అవతల కోరల్‌డ్రాలో తెరిస్తే, ఫాంటు లేకపోతే తెలుగు మొత్తం చెదిరిపోతుంది. మార్చని ఫైలు విడిగా భద్రపరచాలి, లేకపోతే తర్వాత ఒక్క ధర కూడా దిద్దలేం. 15 బల్లలకు రెండేసి, విడిగా పది, మొత్తం 40 కార్డులు కాబట్టి డిజిటల్ ప్రింటు. 300 జీఎస్ఎమ్ ఆర్ట్ కార్డు, రెండు వైపులా మ్యాట్ లామినేషన్. మడతకు ముందు క్రీజింగ్ చేయించకపోతే మడత దగ్గర కార్డు పగిలి తెల్ల గీత తేలుతుంది. గ్లాసీ లామినేషన్ వద్దన్నాం, దీపం వెలుగు పడి ధరలు మెరిసిపోతాయి.

ప్రతి కార్డు చివరి పేజీ మూల చిన్న అక్షరాల్లో వెర్షన్ నంబరు, నెల పడ్డాయి. ధరలు మారినప్పుడు స్టిక్కరు అంటించకుండా కొత్త కార్డు వేయాలనుకున్నారు. పాతవి బల్లల మీద మిగిలాయా అన్నది ఆ మూల చూస్తే తెలుస్తుంది. షీటు, డిజైన్ ఫైలు, గుర్తుల బొమ్మలు మూడూ ఒకే ఫోల్డరులో యజమానికి ఇచ్చాం. షీటులో ఒక గడి అదనంగా చేర్చాం: ఆ వంటకం గుర్తును వంటగదిలో చివరిసారి సరిచూసిన తేదీ.